‘అయిపాయె’ అనే జవాబు

వనపర్తిలో వేరుశనగ రైతుల కోసం పనిచేసే సంస్థలో నేను మేనేజర్‌ని. వారం వారం ధరల రిపోర్టు తయారుచేసే అనలిస్టు ఒక్కసారీ వేళకు ఇచ్చిన పాపాన పోలేదు. ఎప్పుడడిగినా "అయిపాయె సార్" అనేవాడు. మా పాలమూరులో అయిపాయె అంటే అయిపోయిందని కాదు, మొదలుపెట్టాలన్న ఆలోచన వచ్చిందని.

"రెండు నెలలు గడువియ్యి. మారకుంటే ఇంటికి పంపు" అంటూ డైరెక్టరు ఒక కాగితం నా ముందుకు తోశారు. అందులో ‘అంకితభావం పెరగాలి’ అని ఉంది. దాన్ని ఏ కాంటామీద తూచాలో తెలియక చించేసి, అనలిస్టును కూర్చోబెట్టి కొత్తది రాశాను. శుక్రవారం ఐదింటికల్లా రిపోర్టు నా మెయిల్‌లో ఉండాలి. ఎనిమిది వారాల్లో కనీసం ఏడుసార్లు వేళకు రావాలి. ప్రతి సోమవారం ఇద్దరం కూర్చుని చూసుకోవాలి.

"ధరూర్ నుంచి ధరల లెక్కలే గురువారం మాపటికొస్తయి సార్. నేనేం జెయ్యాలె?" అన్నాడు.

న్యాయమే. బుధవారానికి అంకెలు తెప్పించే పూచీ నాదని, అవి ఆలస్యమైతే ఆ తప్పు అతనిది కాదని రాశాను. కింద ఇంకో వాక్యం: ‘అయిపాయె’ అనేది జవాబు కాదు.

ఎనిమిది వారాలూ రిపోర్టు వేళకే వచ్చింది. గడువు నెగ్గాడని సంతకం చేయాల్సింది డైరెక్టరే. నెలైనా చేయలేదు. ఇద్దరం వెళ్లి అడిగితే తలెత్తకుండానే అన్నారు: "అయిపాయె, అయిపాయె."

బయటికి రాగానే అనలిస్టు గొంతు తగ్గించాడు.

"సార్, ఈయనకెన్ని వారాలిద్దాం?"