గీకేసిన చీటీలు

2025 జూన్ 27, శుక్రవారం, ఉదయం పదీ ఇరవైకి మా అన్నయ్య కూతురు వాట్సాప్‌లో ఒక కుర్చీ ఫొటో పంపింది. వెంటనే ఫోన్ చేసింది.

"అత్తా, హైదరాబాద్ షాపులో ఉన్నా. ఇది వందేళ్ల నాటి ఆస్ట్రియా కుర్చీ అంట. ఒక్కోటి పన్నెండున్నర వేలు. నాలుగు తీసుకోమంటావా? నా దగ్గర పదిహేను వేలే ఉన్నాయి, మిగతాది అప్పు చెయ్యాలి."

శ్రావణమాసంలో జగ్గయ్యపేటలో కాఫీ హోటల్ తెరవాలని దాని పట్టుదల. వీధివైపు అలాంటి కుర్చీలు నాలుగు వెయ్యాలని ఆశ. అవి దొరక్కపోతే ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలే. నన్నెందుకు అడిగిందంటే, పెళ్లిళ్లకు షామియానాలూ కుర్చీలూ అద్దెకిచ్చే షాపు ముప్పై ఒక్క ఏళ్లు నడిపాను. తిరిగొచ్చిన ప్రతి కుర్చీనీ తిరగేసి చూసి గానీ లోపల పెట్టనిచ్చేదాన్ని కాను.

"డబ్బు తియ్యకు. ముందు దాన్ని తిరగేసి సీటు కింద ఫొటో తియ్యి," అన్నాను.

"షాపులోనా? తిడతారేమో అత్తా!"

"పన్నెండున్నర వేలు అడిగినవాడికి లేని సిగ్గు నీకెందుకే?"

ఈలోగా ఆ ఫొటోతోనే నా ఫోన్‌లో వెతికాను. మొదట కర్టెన్లు, పూలకుండీలు చూపించింది. కుర్చీ ఒక్కటే మిగిలేలా ఫొటో కత్తిరించి మళ్లీ వెతికితే దారికొచ్చింది. కర్రను ఆవిరి పట్టి వంచి చేసే కుర్చీలట. వెనక కాళ్లూ వీపు చట్రమూ కలిపి ఒకటే కర్ర, గుండ్రటి సీటుకు కేన్ అల్లిక, కాళ్లను పట్టి ఉంచే వలయం. ఆ తీరు మొదలుపెట్టింది ఒక పాత ఆస్ట్రియా కంపెనీ. తర్వాత ఎన్నో దేశాలవాళ్లు అదే తీరులో చేశారు. అందుకని రూపం చూసి ఎవరు చేశారో చెప్పలేం. సీటు చట్రం లోపలివైపు అంటించిన చీటీయో, కాల్చి వేసిన ముద్రో చూడాలి.

మేనకోడలు పంపిన ఫొటోలో చీటీ లేదు, ముద్ర లేదు. తళతళలాడే ప్లస్ గుర్తు స్క్రూలున్నాయి. వందేళ్ల కిందట అలాంటివి లేవు, తలమీద ఒకే గాటు ఉండేది. నిన్నగాక మొన్న చేసిన కుర్చీ!

"బయటికి వచ్చెయ్," అన్నాను.

ఇక కంపెనీ పేరు వదిలేసి, ఆ పేరు తెలియనివాళ్లు ఏమని రాసి అమ్ముతారో ఆ మాటలతో వెతికాను. పాత సామాన్ల యాప్‌లో "పాత హోటల్ కుర్చీలు, నాలుగు, ఒక్కోటి తొమ్మిది వందలు, నందిగామ" అని కనబడింది. మసక ఫొటో. ఒక కుర్చీ బోర్లా పడి ఉంది. సీటు లోపల గోధుమరంగు కాగితం ముక్క! కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అప్పుడే అమ్మే ఆయనకు ఫోన్ చేసి, సోమవారం వస్తామని చెప్పాను.

అది హైదరాబాద్ నుంచి తిరిగొచ్చాక, సోమవారం ఇద్దరం జగ్గయ్యపేటలో నందిగామ బస్సెక్కాం. దారిపొడుగునా దానికంటే నేనే ఎక్కువ మాట్లాడాను. అమ్మే ఆయన ఒకప్పుడు టీ హోటల్ నడిపిన పెద్దాయన, ఇప్పుడు పాత ఫర్నిచర్ కొని అమ్ముతున్నాడు. నాలుగు కుర్చీలూ గుమ్మం ముందే వరసగా పెట్టి ఉంచాడు. కొత్త వార్నిష్ వాసన.

ఒకదాన్ని తిరగేశాను. చీటీ లేదు. రెండోది, మూడోది, నాలుగోది. నున్నగా సాండ్‌పేపర్ పట్టేశారు.

"ఇక్కడ కాగితాలుండాలే భాయ్ గారూ!"

"ఆ మురికి కాగితాలా అమ్మా? గీకించేసా. ఆడపిల్ల కొత్త వ్యాపారం పెట్టుకుంటుందని మీరే కదా ఫోన్లో చెప్పారు. శుభమా అని కొంటుంటే మురికి సామాను ఎట్టా ఇస్తానండీ? కూలీ కూడా మీ మీద వెయ్యలా."

వంపుల దగ్గర వేలు పెట్టి చూశాను. కర్రలోని చారలు ఎక్కడా తెగకుండా వంపు వెంటే తిరిగాయి. ముక్కలు కోసి అతికించింది కాదు. స్క్రూలు ఒకే గాటువి. పాతవే. కానీ ఏ కంపెనీవి?

"యాప్‌లో పెట్టిన ఫొటో మీ ఫోన్‌లో ఉందా?" అని అడిగాను.

ఉంది. యాప్‌లో ఉన్నంత మసకగా లేదు. వేళ్లతో పెద్దది చేస్తే కాగితం మీద సగం పేరూ ఒక గుర్తూ స్పష్టంగా కనబడ్డాయి. నా ఫోన్‌లో పాత చీటీల బొమ్మలు తెరిచి పక్కన పెట్టాం. అక్షరాల తీరు కుదిరింది, గుర్తు కుదిరింది. ఆ ఆస్ట్రియా కంపెనీదే! మేనకోడలు నా భుజం గట్టిగా పట్టుకుంది.

"ఏంటమ్మా అంత సంబరం?" అన్నాడాయన.

చెప్పొద్దన్నట్టు అది నా చెయ్యి గిల్లింది. రేటు పెంచితే కుర్చీలు దక్కవు, నిజమే. అయినా చెప్పాను. ఆయన కాసేపు ఫోన్‌నీ కుర్చీలనీ మార్చి మార్చి చూసి పకపకా నవ్వాడు.

"మీరు ఫొటో చూపిస్తే నమ్మా. నేను చూపిస్తే ఎవరు నమ్ముతారండీ? ఫొటో ఏ కుర్చీదైనా అవ్వచ్చంటారు. రుజువు నేనే గీకించేసుకున్నా. అనుకున్న రేటే ఇవ్వండి."

మూడువేల ఆరువందలు ఇచ్చి, ట్రాలీ ఆటోలో వేసుకుని జగ్గయ్యపేట వచ్చాం. దిగేదాకా మేనకోడలు నవ్వు ఆపలేదు.

పోయినవి: చీటీలు నాలుగు, ఆటో కుదుపులకు చిరిగిన కేన్ సీటు ఒకటి, బస్సులో మరిచిపోయిన నా గొడుగు.