పసుపు పూసిన ఇటుకలు

నెల్లికుదురు మండలంలో బోడగుట్ట తండా ద్వాళిని ఎరగని అధికారి ఉండడు. ఎవరైనా కొత్తగా వస్తే ఎరిగేదాకా ఆమె వదలదు. చదివింది తండా బడిలో మూడో తరగతి. ఆ మూడు తరగతులతో ఆమె చేసిన పనులు పెద్ద చదువులు చదివినవాళ్లు చేయలేదు. రోడ్డు వేస్తామని చెప్పి మరిచిపోయిన ఇంజనీరు జీపుకు అడ్డంగా కూర్చుంది. ఇవాళ ఆ రోడ్డు మీదే తండాకు ఆటోలు తిరుగుతున్నాయి. గుడుంబా కుండలు తన చేతులతో పగలగొట్టింది. వరంగల్ మిర్చి మార్కెట్‌లో కాంటా దగ్గర మోసం కనిపెట్టి, తన బస్తా మీదే కూర్చుని, తూకం సరిచేసేదాకా దిగలేదు. మహిళా సంఘానికి అధ్యక్షురాలై ఇన్నేళ్లయినా ఆమె మాట మీద ఇంకొకరి మాట నిలబడలేదు. మనిషి ఎత్తు తక్కువే. మాట మాత్రం తాటిచెట్టంత.

అలాంటి ద్వాళి మాట ఒక అట్టపెట్టె వల్ల నేలపాలైంది.

ఆ ఏడు మిర్చికి తామర పురుగు పట్టింది. మందు కొట్టీ కొట్టీ ఆడవాళ్ల భుజాలు పుళ్లు పడ్డాయి. చేతి పంపు లివర్ ఆడించలేక చస్తున్నాం, బ్యాటరీ పంపు తెచ్చుకుందామని ద్వాళి సంఘంలో ప్రతిపాదించింది. కోడలు సంగీత ఫోన్‌లో వెతికి, బజారు కంటే చవకగా ఉన్నదాన్ని చూపించింది.

"ముందు నేను తెప్పిస్త. మంచిగుంటె మీరందరు తెప్పించుకోండి. నా మాట మీద నమ్మకమున్నదా లేదా?" అంది ద్వాళి.

"ఉన్నది యాడీ," అన్నారు ఆడవాళ్లంతా. తండాలో యాడి అంటే అమ్మ.

ద్వాళి మరిది వాల్యా ఒక్కడే అరుగు మీద నుంచి నవ్వాడు. "కంటికి కనవడని దుకాణంల కొంటదట మా వదినె. కాంటా కాడ కూసున్నట్టు ఫోన్ మీద కూసుంటవా వదినె?"

పార్శిల్ తెచ్చినవాడు సాంసన్. మానుకోట నుంచి ఈ తండాలన్నిటికీ బండి మీద సామాను తెచ్చేది అతనే. "యాడీ, విప్పేటప్పుడు వీడియో తీయించు. ఏదన్న తేడా వస్తె గదే సాక్ష్యం," అని చెప్పి మరీ పోయాడు.

సంగీత ఫోన్ పట్టుకుంది. అయితే ఇంటికి కొత్త వస్తువు వస్తే ఊరికే విప్పుతారా? ద్వాళి పెట్టెను ముగ్గు మీద పెట్టింది. పసుపు నీళ్లు కలిపి పెట్టె పైభాగమంతా అరచేత్తో పూసింది. దాని మీద కుంకుమ బొట్లు పెట్టింది, కొబ్బరికాయ కొట్టింది. సంగీత వీడియో మొదలుపెట్టింది ఆ తర్వాతే. టేపు మీద కత్తి పడింది, మూతలు లేచాయి.

లోపల పాత గోనెసంచిలో చుట్టిన రెండు ఇటుకలు.

చూడటానికి చేరిన తండా జనమంతా పెట్టె మీదికి వంగారు. అందరికంటే ముందు వాల్యా నోరెత్తాడు. "ఇల్లు కట్టుకొమ్మని పంపిండేమో వదినె! ఇంకో వంద తెప్పించు, గోడ లేస్తది."

సంగీత ఆ సాయంత్రమే ఫిర్యాదు పెట్టి వీడియో పంపింది. కొద్దిరోజులకు, ఇలాంటి దుకాణాలన్నిటినీ ఫోన్‌లో చూపించే కంపెనీ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది.

"మేడమ్, వీడియోలో పార్శిల్ మీది లేబుల్ కనిపించడం లేదండి. ఇది మీ ఆర్డర్ పెట్టేనని మేము నిర్ధారించలేకపోతున్నాం."

"పసుపు కింద ఉన్నది బిడ్డా. పూజ జేసినం."

అవతల ఒక చిన్న నవ్వు వినిపించి ఆగింది. "సారీ మేడమ్. ఆర్డర్ నంబరు, చిరునామా, అతికించిన టేపు, అన్నీ విప్పకముందే కనిపించాలి. మీ రిక్వెస్ట్ రిజెక్ట్ అయింది."

ద్వాళి తడిగుడ్డతో పసుపు తుడిచి చూసింది. పసుపుతోపాటు అక్షరాలూ లేచిపోయాయి. అక్షరాలు నిలిచినా లాభం ఉండేది కాదు. విప్పకముందు కెమెరాకు కనిపించనిది ఇప్పుడు ఎంత కనిపించినా లెక్కకు రాదు.

ఇటుకలకంటే ఆ నవ్వు ఆమెను ఎక్కువ కోసింది. అంతకంటే ఎక్కువ కోసింది సంఘం సమావేశం. ఎరువుల సంగతి ఎత్తగానే ఆడవాళ్లు ఆమె ముఖం చూడటం మాని ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. బయట పిల్లలు "ఇటుకల ద్వాళి, ఇటుకల ద్వాళి" అని పాట కట్టారు. ఎవరు నేర్పారో ఆమెకు తెలుసు.

ఆమె ఆ రెండు ఇటుకలనూ వాకిట్లో, అందరి కాళ్లకు తగిలేచోట పెట్టించింది.

"తీసి అవతల పారేయరాదా యాడీ," అంది సంగీత.

"పారేస్తె మర్చిపోత. పంపినోడే వాపసు తీస్కపోవాలె. గప్పటిదాంక గీడనే ఉంటయి."

పగ పట్టిన మనిషికి చదువు త్వరగా వస్తుంది. సాంసన్ వచ్చినప్పుడల్లా ద్వాళి మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టి ఒక్కొక్క సంగతి రాబట్టింది. వీడియో మధ్యలో ఆగొద్దు, అతుకులు పనికిరావు. పెట్టె ఆరు వైపులూ చూపాలి. లేబుల్ మీది అక్షరాలు చదవగలిగేటట్టు దగ్గరగా చూపాలి. టేపు ఎక్కడా చిరగలేదని చూపాలి. పెట్టె గానీ చేతులు గానీ కెమెరా దాటిపోవద్దు. సంగీత చేత నూనె డబ్బా మీద, చెప్పుల పెట్టె మీద సాధన చేయించింది. సంగీతకు దగ్గు వచ్చి ఫోన్ ఊగితే "మల్లీ మొదలువెట్టు" అనేది. ఇంజనీరు జీపు ముందు కూర్చున్న రోజు కూడా ఆమె ముఖంలో అంత పట్టుదల ఎవరూ చూడలేదు.

అప్పుడు అదే దుకాణం నుంచి, అదే పంపు, పక్కింటి చంద్రి పేరు మీద మళ్లీ తెప్పించింది.

"మల్ల ఇటుకలొస్తె నా గతేంది యాడీ?" అని చంద్రి బెంబేలెత్తింది.

"ఇటుకలే రావాలె చంద్రీ. నేను గదే మొక్కుతున్న."

పార్శిల్ వచ్చిన రోజు కల్లంలో తండా మొత్తం పోగైంది. వాల్యా ముందు వరుసలో కూర్చున్నాడు. ఈసారి పసుపు లేదు, కొబ్బరికాయ లేదు. సంగీత ముందుగా ఫోన్ తెరిచి, లేబుల్ మీది నంబరును బడిపిల్లలా గట్టిగా చదివింది. చంద్రి పేరు, తండా పేరు, తేదీ చదివింది. ద్వాళి పెట్టెను ఆరు వైపులా తిప్పింది. టేపు మీద వేలు పెట్టి చివరి దాకా నడిపించింది. తర్వాత కత్తి తీసుకుంది.

మూతలు లేచాయి. లోపల పంపు ఉంది. నీలం రంగు ట్యాంకు, నల్ల పట్టీలు, పొడుగాటి గొట్టం. అంతా సరిగానే ఉంది.

ద్వాళి ముఖం వాడిపోయింది. ఇంత మొక్కితే వచ్చింది మంచి పంపా! వాల్యా తొడ చరిచాడు. "అయ్యో వదినె, నీ ఇటుకలేవి? పాపం, ఆ దుకాణపాయన మంచోడే. నువ్వే ఏదో జేసినవ్ ఆనాడు!"

గుంపులో నవ్వు లేచింది. అంటే ఇప్పుడు దొంగ ఆమే. సంగీత వేలు ఫోన్ ఆపడానికి కదిలింది.

"బంద్ జెయ్యకు!" అని అరిచింది ద్వాళి.

ఆమె ముక్కుకు ఏదో తగిలింది. ట్యాంకు మూత తిప్పి ముఖం దగ్గర పెట్టుకుంది. ఆ వాసన ఆమెకు కొత్తది కాదు. ఒంటికి, చీరకు, అన్నం ముద్దకు కూడా అంటుకుని వచ్చే వాసన. పురుగుమందు.

"సంగీతా, దగ్గరికి రా బిడ్డా. మూత లోపల జూపియ్యి." మూత మరల్లో తెల్లగా ఎండిన మందు పొరలు కట్టి ఉంది. పట్టీ లోపలివైపు ఎవరిదో చెమట నల్లగా మరక కట్టింది. "కొత్త పంపుల మందు వాసన ఎట్లొచ్చిందిరా వాల్యా? నువ్వే వాసన జూసి చెప్పు. కెమెరాల చెప్పు."

వాల్యా వంగి చూశాడు. తల తిప్పుకుని వెనక్కి జరిగాడు.

"చెప్పవేందిరా!"

"మందు వాసనే," అని గొణిగాడు.

"గట్టిగ!"

"మందు వాసనే వదినె!"

సంగీత ఫోన్ ఆపలేదు. ద్వాళి కెమెరా ముందే ట్యాంకులో నీళ్లు పోసింది. అడుగు పగులు నుంచి నీళ్లు కల్లంలోకి ధారగా కారాయి. స్విచ్ వేసింది, మోటారు ఉలకలేదు. ఎవరో వాడి, పాడుచేసి వాపసు పంపిన పంపును ఆ దుకాణంవాడు కొత్తదని అంటగట్టాడు. ద్వాళి నవ్వింది. ఇటుకలు వచ్చినా అంత కమ్మగా నవ్వేది కాదు.

ఈ వీడియోకు కంపెనీ మారుమాట్లాడలేదు. చంద్రి పంపు వాపసుకు ఒప్పుకుంది. ద్వాళి అక్కడితో ఆగితే ద్వాళి ఎందుకవుతుంది? వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయించింది. రెండు ఆర్డర్ల వివరాలూ, రెండు వీడియోలూ, ఒకే దుకాణం పేరూ పెట్టి ఫిర్యాదు నమోదు చేయించింది. అది కంపెనీకి చేరాక పాత ఫైలు మళ్లీ తెరుచుకుంది.

తర్వాత ఒక మధ్యాహ్నం దుకాణంవాడే ఫోన్ చేశాడు. ద్వాళి వాల్యాను పిలిచి, "నా చేతులకు కారమున్నది, జర పట్టుకో," అని స్పీకర్ పెట్టించి ఫోన్ అతని చేతిలో పెట్టింది. చుట్టూ ఆడవాళ్లు మిర్చి తొడిమలు తీస్తున్నారు.

"అమ్మా, ఏదో పొరపాటు జరిగిందండీ. నా దుకాణం ఆపేశారు. ఆ కంప్లైంట్ వెనక్కి తీసుకుంటే కొత్త పంపు ఊరికే పంపిస్తాను."

"పొరపాటున ఇటుకలు గోనెసంచిల చుట్టుకుంటయా కొడుకా?"

"మా పనివాళ్లు చేసి ఉంటారమ్మా..."

"మల్ల పాత పంపు? గదీ వాల్లేనా?"

అతను బతిమాలాడు. పిల్లలున్నారన్నాడు. చేతులు జోడిస్తున్నానన్నాడు. ద్వాళి తొడిమలు తీస్తూ చివరిదాకా విన్నది, మధ్యలో ఒక్కసారి కూడా అడ్డుపడలేదు. ఆ బతిమాలడం ఆమెకు అంత రుచిగా ఉంది.

"మాకూ పిల్లలున్నరు. మమ్మల్ని ఇటుకలోల్లని పాట గట్టిన్రు," అంది చివరికి. "పెట్టెయ్‌రా వాల్యా ఫోను."

ఇటుకల డబ్బు కూడా ఇస్తామని కంపెనీ ఒప్పుకుంది. అయితే వచ్చిన వస్తువును వాపసు ఇవ్వాలి, అది దుకాణానికే పోతుందని సందేశం వచ్చింది. సంగీత చదివి వినిపించగానే ద్వాళి లేచి స్నానం చేసి, పండగ చీర కట్టుకుని వచ్చింది.

వాకిట్లోని ఇటుకలను కడిగింది. రెండింటికీ నిండుగా పసుపు పూసింది. ఒక్కొక్కదానికి మూడు కుంకుమ బొట్లు పెట్టింది. తన చేనులో పండిన ఎర్ర మిరపకాయలు గుప్పెడు తీసి, ఇటుకల చుట్టూ దిష్టి తీసినట్టు తిప్పి, వాటితోపాటే పెట్టెలో పెట్టింది. పెట్టెకు మాత్రం చుక్క పసుపు తగలనివ్వలేదు. ఇదంతా సంగీత ఆపకుండా వీడియో తీసింది. పంపేటప్పుడూ సాక్ష్యం ఉండాలి కదా.

సాంసన్ వచ్చి లోపల చూసి తల గోక్కున్నాడు. "యాడీ, వాపసు తీసుకోవాల్సింది ఇటుకలే. మిరపకాయలు లేవు."

"ఇటుకలు వానియి. మిరపకాయలు నా దిక్కెల్లి. టేపెయ్యి."

పెట్టె బరువుగా ఉంది. ద్వాళి అరుగు వైపు చూసింది. "ఒరేయ్ వాల్యా, ఏం జూస్తున్నవ్? ఎత్తుకపో, బండి మీద పెట్టు. ఇల్లు కట్టుకొమ్మన్నవ్ గద, గోడ లేస్తున్నది."

పిల్లలందరూ చూస్తుండగా వాల్యా పెట్టెను రొమ్ముకు హత్తుకుని బండి దాకా మోశాడు. ఆ రోజు ఎవరూ పాట కట్టలేదు. సంఘం ఆడవాళ్లు ద్వాళి చుట్టూ చేరి, ఈసారి ఏ పంపు తెప్పిద్దాం యాడీ అని అడుగుతున్నారు.

బండి మలుపు తిరిగేదాకా చూసి, ద్వాళి ఖాళీ అయిన వాకిట్లో నీళ్లు చల్లింది. పసుపు చేతులు కడుక్కుంటూ సంగీతతో అంది:

"విప్పేటప్పుడు వాడు వీడియో తీస్తడంటవా బిడ్డా? తీస్తె బాగుండు. ఆ మొఖం నేను జూడాలె."