శంకరరావు తనకి తాను జీతం కట్టుకున్న వానాకాలం

పోర్ట్‌బ్లెయిర్‌కి హార్బరు అవతల, బాంబూఫ్లాట్ జెట్టీలో దిగి శంకరరావు దుకాణం ఎక్కడంటే కళ్ళు మూసుకుని దారి చెప్తారు. ఇంటి రేకులు, మేకులు, సిమెంటు, తాళ్ళు అమ్మే కొట్టు. కొట్టు కన్నా శంకరరావు నోరు పెద్దది. సునామీ వచ్చిన పొద్దుటి కథ అతని దగ్గర మనిషికో రకంగా ఉండేది. ఒకడికి, గల్లాపెట్టె అల మీద కూర్చుని చాతం దాకా షికారుకెళ్ళి ఫెర్రీ టిక్కెట్టు లేకుండా తిరిగొచ్చిందని చెప్పేవాడు. ఇంకొకడికి, అల తన మొహం చూసి సలాం కొట్టి వెనక్కి తగ్గిందని చెప్పేవాడు. వినేవాళ్ళు టీ చెప్పించి మరీ వినేవాళ్ళు. నిజానికి ఆ రోజు నడుంలోతు నీళ్ళు కొట్లో నిలబడితే సిమెంటు బస్తాలన్నీ బస్తాల ఆకారంలోనే రాళ్ళైపోయాయి. శంకరరావు అప్పు తెచ్చి మళ్ళీ కొట్టు తెరిచాడు. ఆ మాట మాత్రం ఏ కథలోనూ ఉండదు.

తెరిచాక వ్యాపారం పరిగెత్తింది. కూలిన గోడ లేవాలన్నా, ఎగిరిన కప్పు దిగాలన్నా అతని మెట్లెక్కాల్సిందే. సరుకు చెన్నపట్నం నుంచి ఓడ మీద రావాలి. ఓడ వచ్చాక ఎవడు ముందు డబ్బు కడితే వాడికే సరుకు. ఓడకీ ఓడకీ మధ్య నెల పట్టొచ్చు, రెండు నెలలు పట్టొచ్చు. ఆ రోజుల్లో ఉన్న సరుకు అమ్ముడుపోతూ ఉంటుంది, కొనడానికేమీ ఉండదు, గల్లాపెట్టె మూత పడనంతగా నిండుతుంది. చెన్నపట్నం వైపు గట్టు మీది ఊళ్ళ వ్యాపారులకి ఈ భాగ్యం లేదు, వాళ్ళకి రోజూ సరుకు, రోజూ ఖర్చు. ద్వీపంలో వ్యాపారికి మాత్రం ఓడ రాని నాళ్ళలోనే తాను కోటీశ్వరుణ్ణి అనిపిస్తుంది.

శంకరరావుకి అలాగే అనిపించింది. ఇంటి ఖర్చు వేరు, కొట్టు డబ్బు వేరు అన్న ఆలోచన ఆ కుటుంబంలో ఏనాడూ లేదు. పెళ్ళాం నూకరత్నం కూరగాయలు కావాలంటే గల్లాలో చెయ్యి పెట్టేది. కూతురు పింకీకి స్కూలు బస్సు డబ్బులు గల్లాలోంచే. శంకరరావుకి సిగరెట్టు గల్లాలోంచే. ఎంత తీశామని ఎవరూ అడగరు. అడిగితే శంకరరావుకి నవ్వొస్తుంది. "మన జేబులోంచి మనం తీసుకోడానికి దరఖాస్తు పెట్టాలా?" అనేవాడు.

ఆ గల్లాలోనే యర్రయ్య డబ్బూ ఉండేది.

యర్రయ్య కొట్లో పనివాడు. రేకుల కట్ట ఒంటిగా భుజానికెత్తుకునే మనిషి. సునామీకి నేల కుంగి, తీరం పక్కనున్న అతని ఇంట్లోకి పోటు వచ్చినప్పుడల్లా సముద్రం చెప్పకుండా వచ్చి పోవడం మొదలెట్టింది. పెళ్ళాం యర్రమ్మ, ఇద్దరు పిల్లలతో తాత్కాలికంగా ఇచ్చిన రేకుల షెడ్డులో ఉంటున్నాడు. కొండ పక్కన ఎత్తుగా కాస్త జాగా దొరికింది. దాని మీద ఇల్లు వేసుకోవాలి, వానలు రాకముందే కప్పు పడాలి. నెల జీతంలో సగం చేతికి తీసుకుని, సగం "బాబు, నీ దగ్గరే ఉంచు" అనేవాడు. ఆ చుట్టుపక్కల పనివాళ్ళందరూ చేసేదే. బ్యాంకుకెళ్తే కాగితాలడుగుతారు, సేటు దగ్గరుంటే నోటిమాట చాలు. ఇరవై ఒక్క వేలు అయ్యాయి.

శంకరరావు ఆ డబ్బుని మాటతో దాచాడు గానీ విడిగా దాచలేదు. ఆ నోట్లు గల్లాలో మిగతా నోట్లతో కలిసిపోయాయి. నోటు మీద యర్రయ్య పేరు ఉండదు కదా.

రెండు వేల ఆరు మార్చిలో ఓడ ఆలస్యమైంది. గల్లా ఉబ్బింది. పింకీ పుట్టినరోజొచ్చింది. శంకరరావు డిగ్నాబాద్ బంధువులతో సహా సగం ఊరిని పిలిచి వేటపోతుని కోయించాడు. పోర్ట్‌బ్లెయిర్ నుంచి పెద్ద టీవీ తెచ్చాడు. దాంతోపాటు ఫ్రిజ్జు. "మా ఇంట్లో ఐసు కావాలంటే హిమాలయాలకెళ్ళక్కర్లేదు" అని వచ్చినవాళ్ళందరికీ చల్లనీళ్ళు తాగించాడు. ఆ ఫ్రిజ్జుని ఫెర్రీ మీంచి భుజాన దింపింది యర్రయ్యే.

ఏప్రిల్ చివర ఓడ వచ్చిందని కబురొచ్చింది. రేకులు దిగుతున్నాయి, డబ్బు కట్టి తీసుకెళ్ళమన్నారు. శంకరరావు గల్లా బోర్లించాడు. కట్టాల్సినదాంట్లో మూడో వంతు ఉంది. మళ్ళీ బోర్లించాడు. పెట్టె తట్టి చూశాడు, ఏదో మూల ఇరుక్కుందేమోనని. హార్బరు అవతల ఇంకో వ్యాపారి డబ్బు కట్టేసి మొత్తం రేకులు ఎత్తుకుపోయాడు.

మర్నాడు యర్రయ్య సంచి మడత పెట్టుకుని వచ్చాడు.

"బాబు, రేకులు వచ్చాయంట గదా. నా లెక్కలో ముప్పై పక్కన పెట్టించు. కర్రలకి యర్రమ్మ అన్న ఇస్తానన్నాడు. ఈ ఆదివారం ఎత్తేద్దాం."

"రేకులు మనకి రాలేదురా ఈసారి."

"రాకపోతే పోనీ, నా డబ్బు ఇచ్చెయ్. అవతల కొట్లో కొనుక్కుంటాను. నువ్వేమీ అనుకోకు."

శంకరరావు నోటికి ఎప్పుడూ మాట కరువు లేదు. అల సలాం కొట్టిన కథ చెప్పగల నోరు అది. ఆ పూట ఎంత వెతికినా ఒక్క కథ దొరకలేదు. "రెండ్రోజులాగు" అన్నాడు.

యర్రయ్య గల్లాపెట్టె వైపు చూడలేదు. కొట్టు వెనకున్న ఇంట్లో పింకీ టీవీ పెట్టింది, హిందీ పాట వినిపిస్తోంది. యర్రయ్య అటు చెవి పెట్టి విన్నాడు.

"నా ఇల్లు బాగా పాడతంది బాబు," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. సంచి విదిలించి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

శంకరరావు ఆ పూట పెందలాడే కొట్టు కట్టేశాడు. అన్నం ముందు కూర్చుంటే నూకరత్నం అడిగింది.

"ఏటయ్యా, ముద్ద ఎత్తవేటి?"

"మనం తిన్నది యర్రయ్య ఇల్లు," అన్నాడు. పుట్టినరోజు వేటపోతు దగ్గర్నుంచి అంతా చెప్పాడు.

నూకరత్నం గరిటె దించింది. "నాకేటి తెలుసు? గల్లాలో ఉంటే మనదే అనుకున్నాను."

"నేనూ అంతే."

"నువ్వు అంతే అంటే ఎలా? నాకు నువ్వు చెప్పాలి, నీకు ఎవరు చెప్తారు?"

చెప్పగలిగినవాడు పక్కింటి గురునాథం. చాతం రంపపు మిల్లులో లెక్కల గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. ఎవరింట్లో ఎంత కారం పడుతుందో కూడా లెక్క చెప్పేయాలని చూస్తాడని వీధిలో అతన్ని అందరూ తప్పించుకు తిరుగుతారు. శంకరరావు తనంతట తాను వచ్చేసరికి గురునాథం కుర్చీ దులిపి మరీ వేశాడు.

"నీ కొట్లో ఎంతమంది పనివాళ్ళు?"

"ఒకడే. యర్రయ్య."

"ఇద్దరు. నువ్వు రెండోవాడివి. నీ జీతమెంత?"

"నేను ఓనర్ని గురునాథంగారూ. నాకు జీతమేటి?"

"అందుకే నీకు నచ్చినంత తీసుకున్నావు. జీతం ఉన్నవాడికి హద్దుంటుంది. హద్దు లేనివాడు తనది తిన్నాక పక్కవాడిది తింటాడు, వాడికి తెలియను కూడా తెలియదు."

గురునాథం ఇంక దెప్పలేదు. లెక్కలోకి దిగాడు. గల్లాలో పడిందంతా లాభం కాదన్నాడు. అందులో రాబోయే ఓడ సరుకు డబ్బుంది, కిరాయి ఉంది, యర్రయ్య జీతముంది, ఎవరైనా బయానా ఇస్తే అదుంది, తీర్చాల్సిన అప్పుంది. అవన్నీ పోగా మిగిలిందే కొట్టు సంపాదన. అది కూడా అంతా తియ్యకూడదు, చెడ్డ నెలలకి కొంత కొట్లోనే ఉండాలి.

"మరి నేనెంత తీసుకోవచ్చు?"

"బాగా జరిగిన నెల చూసి చెప్పకు. వానాకాలంలో నీకెంత మిగుల్తుంది?"

తిప్పి తిప్పి ఎనిమిది వేలు తేలింది. ఇంటికి నిజంగా ఎంత కావాలో నూకరత్నాన్ని అడిగారు. బియ్యం, గ్యాసు, స్కూలు, ఫెర్రీ, చేపలు అన్నీ కలిపి ఆరు వేలంది. సిగరెట్లు కలపమని శంకరరావు గొణిగాడు. "వాటికి ఓవర్‌టైము చెయ్యి" అంది.

"ఆరు వేలు నీ జీతం," అన్నాడు గురునాథం. "యర్రయ్యకి ఇచ్చే రోజే నీకూ. గల్లా మంచి ఊపు మీదున్నా అంతే, లేకపోయినా అంతే. ఏడాది చివర లాభం మిగిలితే అప్పుడు కొంత తీసుకో. ఆరు నెలలకోసారి అంకె సరిచూసుకో. ఇంకోటి, పన్ను లెక్కలో దీన్ని కొట్టు ఖర్చని రాయకు. కొట్టూ నువ్వూ చట్టానికి ఒక్కటే, అది నీ సొంత వాడకం కింద వస్తుంది. జీతమన్నది నీ చెయ్యిని కట్టెయ్యడానికి పెట్టుకున్న పేరు."

బ్యాంకులో కొట్టు పేరు మీద కరెంటు ఖాతా తెరిచాడు. ఇంటికి వేరే పొదుపు ఖాతా. నూకరత్నం గల్లా తాళం మొగుడికిచ్చేసింది.

"నాకొద్దు. ఒకటో తారీకు ఇంత అని చేతిలో పెట్టు. సరిపోకపోతే నేను ఏడుస్తాను, తాళం మాత్రం అడగను."

తాళం పోయినా అప్పు పోదు కదా. యర్రయ్యకి కొట్టు బాకీ. కొట్టుకి శంకరరావు బాకీ. ఈ వరస గురునాథం చెప్పగానే శంకరరావుకి నిద్ర ఎగిరిపోయింది. టీవీ అమ్మేశాడు, కొన్నదాంట్లో సగం వచ్చింది. ఫ్రిజ్జు ఒక హోటలువాడికిచ్చాడు. నూకరత్నం అడక్కుండానే రెండు గాజులు తీసింది. అంతా తెచ్చి కొట్టు ఖాతాలో వేసి, ఖాతాలోంచి ఇరవై ఒక్క వేలూ తీసి యర్రయ్యకిచ్చాడు. పింకీ రెండు రోజులు తండ్రితో మాట్లాడలేదు.

డబ్బు చేరింది గానీ రేకులు లేవు. అవతలి వ్యాపారి దగ్గర చివరి రేకు కూడా అమ్ముడైపోయింది. మే మూడో వారంలో వాన దిగింది. ద్వీపంలో వాన దిగితే ముహూర్తం చూసుకోదు. షెడ్డు కింద నీళ్ళు చేరి యర్రమ్మ పిల్లల్ని చెక్కపెట్టె మీద పడుకోబెట్టిందని యర్రయ్య చెప్పాడు. పని మధ్యలో, సిమెంటు బస్తా దించుతూ మామూలుగా చెప్పాడు.

"మా ఇంటికి తీసుకొచ్చెయ్, వెనక గది ఉంది," అన్నాడు శంకరరావు.

"టీవీ ఉంటే వచ్చేవాళ్ళమే బాబు."

ఓడ జూన్ నెలాఖరుకొచ్చింది. ఈసారి ఖాతాలో డబ్బుంది. శంకరరావే చాతం వెళ్ళి దగ్గరుండి దింపించి, ముప్పై రేకులు ముందుగా కొండ ఎక్కించాడు. వానలోనే కప్పు వేశారు. అతను నిచ్చెన పట్టుకున్నాడు. మేకులు అందించాడు. పైన యర్రయ్య సుత్తి కొడుతుంటే కింద యర్రమ్మ గొడుగు పట్టబోయింది. శంకరరావు వద్దన్నాడు. తడవాలనే ఉంది.

యర్రయ్య కొట్టు మానలేదు. కథలు చెప్తే నవ్వుతాడు, "ఇంకా, ఇంకా" అంటాడు. శంకరరావు టీవీ ఎలా పోయిందో కూడా కథ చేద్దామని రెండుసార్లు మొదలెట్టాడు. మధ్యలో ఆగిపోయాడు.

జూలై ఒకటో తారీకు ఇద్దరి జీతాలూ బల్ల మీద పెట్టాడు. యర్రయ్యది మొత్తం, తనది కోత పోగా నాలుగు వేలు. గాజుల సొమ్ము నూకరత్నానికి తిరిగి చేరాలి గనక ఏడాదిపాటు అంతే. యర్రయ్య నోట్లు అందుకున్నాడు. సగం వెనక్కి ఇస్తాడేమోనని శంకరరావు చెయ్యి తనకి తెలియకుండానే కొంచెం ముందుకొచ్చింది.

యర్రయ్య ఆ చేతిని చూశాడు. నోట్లు వేళ్ళు తడిచేసుకుని మెల్లగా లెక్కపెట్టాడు. మళ్ళీ ఇంకోసారి లెక్కపెట్టాడు.

"బ్యాంకులో వేసేస్తాను బాబు. యర్రమ్మ పేరు మీద తెరిచాం," అన్నాడు.

"అదే మంచిది," అన్నాడు శంకరరావు. నిజంగా అదే మంచిది. చెయ్యి వెనక్కి తీసుకుని, ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బల్ల తుడవడం మొదలెట్టాడు.