గీత పడిన వాక్యాలు

మా తాతగారి దివాణానికి కవులు వచ్చేవారు. ఆయన వారి పద్యాలను ముందుగా ఒంటరిగా చదువుకుని, నచ్చిన పాదం కింద ఆకుపచ్చ సిరాతో గీత గీసేవారట. గీత పడిన పద్యానికి శాలువా దక్కేది. దివాణం పోయింది, శాలువాలు పోయాయి. శ్రీకాకుళం వైపు మాకు ఇప్పుడు సెంటు భూమి లేదు. కలకత్తాలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటున్నాను. ఆకుపచ్చ సిరా మాత్రం ఇప్పటికీ కొంటాను. అది మానుకోవలసిన అవసరం నాకు కనిపించలేదు.

ఇక్కడి తెలుగు సంఘం ఏటా ఒక సంచిక వేస్తుంది. దానికి వచ్చిన రచనలు చదివి, రాసినవారికి నా అభిప్రాయం రాసి పంపడం నా పని. వేసుకుంటామనో వేసుకోమనో ఒక్క ముక్కలో తేల్చేసే అలవాటు నాకు లేదు. ఇల్లు వెతుక్కుంటూ వచ్చిన రచనకు మర్యాద చేసి పంపడం మా ఇంటి పద్ధతి.

నిరుడు ఇదే ఊళ్లో ఓడల యార్డు పక్కనున్న గార్డెన్ రీచ్ నుంచి ఒక కథ వచ్చింది. రాసిన అమ్మాయి సాల్ట్ లేక్‌లో ఒక ఆఫీసులో పని చేస్తుంది. వాళ్ల నాన్న ఓడలు కట్టే యార్డులో రంగులు వేస్తాడు. కథ తెలుగే, కానీ అక్షరాలు బెంగాలీవి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బళ్లో బెంగాలీ చదువుకున్న పిల్లలు ఇక్కడ చాలామంది. మన లిపి వాళ్లకు కూడబలుక్కుంటే తప్ప రాదు. నాకు బెంగాలీ చదవడం వచ్చు కనుక ఇబ్బంది లేకపోయింది.

కొత్త ఓడ నీళ్లలోకి జారే రోజు గురించిన కథ అది. ఇంట్లోవాళ్లంతా చూడ్డానికి వెళ్తారు, నాన్న మాత్రం వెళ్లడు. సగం పత్రికలో వార్తలా ఉంది. బ్యాండు, పూలదండలు, పెద్దమనుషుల ఉపన్యాసాలు. మధ్యలో అక్కడక్కడ ఉలిక్కిపడేలా చేసే వాక్యాలు. 'నాన గోళ్ల కింద ఎప్పుడూ ఎర్రరంగే. అన్నం కలిపినా పోదు.' ఇంకోచోట, 'అమ్మ నాన చొక్కాని వేరే బకెట్టులో నానబెడద్ది, మా బట్టలకి ఓడ అంటకుండా.' అలాంటివాటి కింద గీతలు గీశాను. విడిగా రెండు పేజీల ఉత్తరం రాశాను. గీతలు ఎందుకు గీశానో, ఉపన్యాసాల దగ్గర నా మనసు ఎందుకు పక్కకు పోయిందో, అన్నీ వివరంగా రాశాను. మంచి తెలుగులో, మా నాన్నగారు దిద్దబెట్టిన గుండ్రటి అక్షరాలతో.

మూడు వారాల తర్వాత తిరగరాసిన కథ వచ్చింది. గీత పడిన వాక్యం ఒక్కటీ లేదు. గోళ్లు లేవు, బకెట్టు లేదు. వాటి చోట 'మా నాన్నగారు మిక్కిలి కష్టజీవి' అని ఉంది. ఉపన్యాసాలు ఇంకా పెరిగాయి. ఆమె ఫోన్ కూడా చేసింది; ఇక్కడి అలవాటున నన్ను తాతగారని 'దాదూ' అంటుంది.

"దాదూ, మీరు గీసినవన్నీ తీసీసేను. ఇదీ బాగోకపోతే వదిలేయండి. రాయడం నాకు రాదు. ఇంక రాయను."

మర్నాడు బస్సెక్కి గార్డెన్ రీచ్ వెళ్లాను. తలుపు తీసింది వాళ్ల అమ్మ. వాళ్లదీ మా ప్రాంతమే. నన్ను చూడగానే కొంగు సర్దుకుని కుర్చీ తుడిచింది.

"కూకోండి బాబుగారూ. పిల్ల ఆపీసు నుంచి ఇప్పుడే వచ్చింది. మీ కాయితం వచ్చిన కాణ్ణుంచి మాటా లేదు, పలుకూ లేదు. ఏటండీ అన్ని గీతలు! నాను పుట్టాక అన్ని తప్పులు ఒక్కసోట సూళ్లేదు."

"తప్పులా? అవి బాగున్న వాక్యాలమ్మా!"

లోపలి నుంచి అమ్మాయి బయటికి వచ్చింది. "ఏటి బాగున్నాయా? దాదూ, బళ్లో గీత గీస్తే తప్పే కదా! మా టీచరు దిదిమొణి ఎర్రసిరాతో గీసేది. మీరు పచ్చసిరాతో గీసేరు, అంతేననుకున్నాను."

"మరి నా ఉత్తరం చదవలేదా?"

ఆమె తల దించుకుంది. "రెండు లైన్లు చదివేను. గంట పట్టింది. మిగతాది చూస్తే భయమేసింది. ఇంత పొడుగ్గా తిట్టేరంటే ఎంత చెత్తగా రాసేనో అనుకున్నాను."

వాళ్ల అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "బంగారం అని రాసిస్తే సెత్తబుట్టలో ఏసింది సూడండి, తెలివిలేని బోకా పిల్ల!"

తీసేసిన వాక్యాలను నోటితో మళ్లీ చెప్పాను. కాగితం చూడకుండానే చెప్పగలిగాను. ఒకసారి చదివి పక్కన పెట్టినా గుర్తుండిపోయినవే అవి. అమ్మాయి ముఖం చూస్తూ ఉండిపోయాను. తన మాటలు మరొకరి నోట వినడం ఆమెకు అదే మొదటిసారి అనుకుంటాను.

ఇంటికి వచ్చి కొత్త ఉత్తరం రాశాను. ఈసారి బెంగాలీ అక్షరాల్లో, ఆమె మాట్లాడే తెలుగులో, ఒక్క పేజీ. నా కళ్లకు కట్టినవి ముందు రాశాను. 'ఇవి బాగున్నాయి, మళ్లీ పెట్టు' అని గీతకు అర్థం కూడా రాశాను. తర్వాత ఒకే ఒక ఇబ్బంది చెప్పాను: 'ఉపన్యాసాలు మొదలవగానే నాకు నాన్న కనబడడం లేదు. ఆయన కోసం వెతుక్కున్నాను.' అక్షరదోషాల జోలికి పోలేదు. కథ నిలబడ్డాక చూసుకోవచ్చు. ఇలా మార్చు అని ఒక్క వాక్యమూ నేను రాసివ్వలేదు. రాసిస్తే అది నా కథ అవుతుంది. చివర ఒక ప్రశ్న మాత్రం వేశాను: 'ఇంటిల్లిపాదీ ఓడను చూడ్డానికి వెళ్తే, రంగు వేసిన మనిషి ఎందుకు వెళ్లలేదు?'

ఆమె దగ్గర జవాబు ఉంటుందో లేదో నాకు తెలియదు. జవాబు లేకపోయినా ఫరవాలేదని కూడా రాశాను.

మూడో ప్రతి ఒక ఆదివారం పొద్దున వచ్చింది. చదువుతుంటే కాఫీ చల్లారిపోయింది. ఉపన్యాసాలు పోతాయనుకున్నాను, పోలేదు. అవి యార్డు మైకులో నుంచి వీధి దాటి ఇంట్లోకి వినబడుతున్నాయి. నాన్న నులకమంచం మీద పడుకుని వింటున్నాడు. మిగతావాళ్లంతా వెళ్లారు, కూతురు ఒక్కతే తిరిగి వచ్చింది. ఎందుకు రాలేదని అడుగుతుంది. ఆయన అంటాడు: 'నాను రంగేసింది అడుగుభాగం. ఓడ జారితే నా పని నీళ్లల్లోకెల్లిపోద్ది. ఏటి సూడ్డానికి?' అప్పుడు యార్డులో సైరన్ మోగుతుంది. ఆయన గోళ్ల వైపు చూసుకుంటాడు. అంతే.

నేను వేసింది ఒక చిన్న ప్రశ్న. దాని వెనక ఇంత లోతు ఉందని నాకు తెలియదు. ఆమెకూ రాసేదాకా తెలియదట, అడిగితే ఫోన్లో చెప్పింది. ఎన్ని ఓడలు, ఎంతమంది చేతులు, నీటి కింద! మా తాతగారు గొప్ప పద్యం వింటే గద్దె దిగి నిలబడేవారని మా నాన్నగారు చెప్పేవారు. నాకు గద్దె లేదు. ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. వీధిలో చేపలమ్మే మనిషి కేక వినబడుతోంది.

తర్వాత కలం తీశాను. ఏ వాక్యం కింద గీయాలో తెలియలేదు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అంచు వెంబడి నిలువుగా ఒకటే గీత గీసి, కింద బెంగాలీ అక్షరాల్లో రాశాను: 'ఇది తప్పు కాదు.'

సంచిక వచ్చాక వాళ్ల అమ్మ ఫోన్ చేసింది.

"బాబుగారూ, పిల్ల ఇంకో కత మొదలెట్టింది. అచ్చులో పడ్డ కతని మా ఇంటాయనకి సదివి ఇనిపించింది."

"ఏమన్నారమ్మా?"

"కత అయ్యాక రంగు సేతులు కడుక్కోడానికి లేసినోడు, కడుక్కోకుండా మళ్లీ కూకున్నాడు."