వీలునామా చావలేదు

ఇరవై రెండేళ్లుగా పరాయివాళ్ల వీలునామాలు టైపు చేస్తున్న మనిషి ఆమె. ఆఫీసులో అందరికీ టైపక్క. సొంతంగా బల్ల వేసుకోవాలంటే దస్తావేజు లేఖరి లైసెన్సు ఉండాలి. ఆ పరీక్ష రెండుసార్లు పోయింది, రెండుసార్లూ ఒకే ప్రశ్న దగ్గర. మూడోసారీ పోతే ఇక జన్మలో కూర్చోనివ్వరు.

“వదినా, పరీక్ష గైడులో ఉన్నట్టే చెప్పేసి రా. నీకు లైసెన్సు కావాలా, పంతం కావాలా?” అని ఆడపడుచు పొద్దున్నే మొత్తుకుంది.

“రెండూ,” అంది టైపక్క, చెప్పులు వేసుకుంటూ.

మౌఖిక పరీక్ష గదిలో ఇద్దరు కూర్చున్నారు. ఒకరు రిజిస్ట్రారమ్మ. రెండోవారు ఆ గైడు రాసిన పెద్దాయన. ఊహించినట్టే పెద్దాయన ఆ ప్రశ్నే అడిగాడు.

“ఒక క్రైస్తవాయనకి భార్య లేదు, ఒక్కడే కొడుకు. వీలునామాలో ఇల్లు అన్న కూతురికి, కొట్టు స్నేహితుడికి రాశాడు. పొలం ఊసే ఎత్తలేదు. మిగిలినదంతా ఫలానావాళ్లకని కూడా రాయలేదు. ఇద్దరు సాక్షుల్లో ఒకరు ఆ అన్న కూతురే. ఆయన పోయాడు. ఏది ఎవరికి?”

“కొట్టు స్నేహితుడికి. ఇల్లూ పొలమూ కొడుక్కి.”

“తప్పమ్మా. లబ్ధి పొందే మనిషే సాక్షి అయితే వీలునామా మొత్తం చెల్లదు. అన్నీ కొడుక్కే.”

“ఎందుకు చెల్లదండీ? సాక్షిగా ఆ పిల్ల సంతకం చెల్లుతుంది. పోయేది ఆమెకి రాసిన ఇల్లొక్కటే. ఆ ఇంటికీ, రాయని పొలానికీ వీలునామా లేనట్టే లెక్క, అవి చట్టం చెప్పిన వారసుడికి వెళ్తాయి. కొట్టు మాత్రం రాసినట్టే పోవాలి. ఒకే మనిషి ఆస్తి రెండు దారుల్లోనూ పోవచ్చు.”

“గైడు రాసింది నేను.”

“తెలుసండీ. మూడు ముద్రణల్లోనూ ఇదే తప్పుంది.”

రిజిస్ట్రారమ్మ నవ్వు ఆపుకోలేక దగ్గింది. పెద్దాయన మొహం కందగడ్డయింది.

“మీకిదే చివరి అవకాశం. జవాబు మార్చుకుంటారా?”

టైపక్కకి భయం వేసింది, నిజంగానే వేసింది. అయినా ఒళ్లు మండింది.

“మార్చనుగాక మార్చను. మీ మాట ప్రకారం ఆ స్నేహితుడి కొట్టు ఊరికే పోతుంది. చచ్చిపోయినాయన లేచొచ్చి ఇదేం అన్యాయమని అడగలేడు కదండీ!”

రిజిస్ట్రారమ్మ బీరువాలోంచి చట్టం పుస్తకం తీసింది. ఆ సెక్షను పైకే చదివి, “ఈవిడ చెప్పిందే రైటు సార్,” అంది.

పెద్దాయన కళ్లద్దాలు తుడిచి తుడిచి పెట్టుకున్నాడు. కాగితం మీద ‘పాస్’ అని గీకి, అప్పటికీ మనసొప్పక, “చదివేశారు సరే. ఆ వీలునామా మీరే టైపు చేస్తుంటే ఏం చేసేవారు?” అని నిలదీశాడు.

“ఆ పిల్లని బయట కూర్చోబెట్టి, పక్క గది గుమాస్తాని సాక్షికి పిలిచేదాన్ని. ఇల్లు ఆమెకే దక్కేది. పొలం ఎవరికి బాబూ అని ఆ పెద్దమనిషిని అడిగేదాన్ని కూడా. బతికున్నప్పుడు అడగాలండీ.”