ఆంటీ నొక్కిన ఎర్ర కుక్కర్

నేను పంజాగుట్టలో వంటసామాన్లు అమ్మే ఒక యాప్‌కి ప్రకటనల పని చూసేదాన్ని. ఉండేది మధురానగర్ హాస్టల్లో. ఓ సాయంత్రం మాకు వండిపెట్టే హాస్టల్ ఆంటీ ఫోన్ పట్టుకుని నా గదికి వచ్చింది.

"నేను మీ ప్రకటనల ఉన్న గీ ఎర్ర కుక్కర్ నొక్కిన. యాప్ ఎక్కించుకోమన్నది, ఎక్కించిన. ఇప్పుడు అన్నీ చూపిస్తుంది గానీ కుక్కర్ లేదు."

చూస్తే నిజమే, హోమ్ పేజీ తెరుచుకుంది. ఆఫీసులో మా ఫోన్లలో నొక్కితే ఎప్పుడూ నేరుగా కుక్కరే వచ్చేది.

మర్నాడు ఆఫీసులో యాప్ రాసే భాయ్‌కి చెప్పాను. ఆయన నవ్వేశాడు. "మన ఫోన్లల్ల యాప్ ముందే ఉంది గదా! లేనోళ్లు ప్లే స్టోర్‌కి పోయి వచ్చేసరికి, ఏం నొక్కిండ్రో యాప్‌కి తెలుస్తలేదు."

ప్లే స్టోర్ లింకులోనే వస్తువు నంబరు పంపి, యాప్ మొదటిసారి తెరిచినప్పుడు దాన్ని చదివేలా మార్చాడు. కొత్త వెర్షన్ వచ్చాక ఆంటీ ఫోన్లో యాప్ తీసేసి, అదే ప్రకటన లింకు పంపి నొక్కమన్నాను. ఇన్‌స్టాల్ అయింది, తెరిచింది. ఎదురుగా ఎర్ర కుక్కర్!

ఆంటీ కళ్లద్దాలు సర్దుకుని చదివి, నా వీపు తట్టింది. "మంచిగ చేసిండ్రు బిడ్డా. కానీ గిది అయిదు లీటర్లదే. మీ అందరికి యాడ సరిపోతది?"