పావలా బిళ్ళ కింద పాట

గుంటూరు అరండల్‌పేటలో నాకో రికార్డింగ్ షాపు ఉండేది. క్యాసెట్ల కాలమంతా హాయిగా బతికాను. సీడీలు వచ్చి, వాటి వెనకే సెల్‌ఫోన్లలోకి పాటలు ఎక్కించేవాళ్ళు సందుకొకరు తయారయ్యాక గిరాకీ చచ్చిపోయింది. అప్పుడు పాత గ్రామఫోను రికార్డుల్ని కంప్యూటర్లోకి ఎక్కించి సీడీ చేసిచ్చే పని పెట్టుకున్నాను. జనం నన్ను పిచ్చివాడి కింద జమకట్టారు. నాకు నోటి దురుసు ఎక్కువ, ఓపిక తక్కువ. అయినా ఆ పని దగ్గర మాత్రం నిదానంగా ఉండేవాణ్ణి.

ఒక మార్చి నెలలో, యార్డుకి మిరపకాయ లారీలు బారులు తీరి ఊరంతా ఘాటెక్కిన రోజుల్లో, అద్దంకి దగ్గరి పల్లె నుంచి ఒక పెద్దాయన, ఆయన భార్య షాపుకొచ్చారు. ఆయన చేతిలో రేకుపెట్టె. ఆవిడ పైటచెంగు మెడకి అదిమి పట్టుకుని దగ్గుతోంది. దగ్గుకి శబ్దం లేదు. భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి. చెంగు కింద మెడ మధ్యలో చిన్న గుడ్డ కట్టి ఉంది. కుర్చీ వేసి, తలుపు మూసి, ఫ్యాను పెట్టాను.

"గొంతులో పుండు లేస్తే ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు బాబూ. ఊపిరి మెడలోంచే. మాట లేదు," అన్నాడాయన. చాలా పెద్దగా అన్నాడు, పొలంలో అవతలి గట్టు మీది మనిషితో చెప్పినట్టు. ఆయన ముప్పయ్యేళ్ళు మైకుసెట్టు నడిపాడట. పెళ్ళిళ్ళలో లౌడ్‌స్పీకరు పక్కనే నిలబడీ నిలబడీ కుడిచెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవిలో కాస్త మిగిలింది.

రేకుపెట్టెలోంచి ఒక చిన్న రికార్డు తీశాడు. అటూ ఇటూ రెండే పాటలు. ఆవిడ పాడినవే. పడుచు వయసులో ఆవిడ గొంతు విని ఎవరో మద్రాసు తీసుకెళ్ళి ఆ ఒక్క రికార్డు చేయించారు. ఒక వైపు పెళ్ళి పాట, రెండో వైపు మంగళహారతి. చుట్టుపక్కల పల్లెల్లో ఏ పెళ్ళిలో హారతి ఇవ్వాలన్నా ఆవిడ పాడాల్సిందే. ఆవిడ వెళ్ళలేని చోట ఈయన మైకులో రికార్డు వేసేవాడు.

"వచ్చే వారం మనవరాలి పెళ్ళి. ఊరందరి పెళ్ళిళ్ళకీ పాడింది, సొంత మనవరాలికి పాడలేకపోయె. హారతి వేళకి దీని గొంతు వినపడాలి. అంతే బాబూ, ఇంకేం అక్కర్లేదు."

ఆవిడ నా వైపు చూసి రెండు చేతులూ జోడించింది. నాకంటే పాతికేళ్ళు పెద్దావిడ. నాకు ఒళ్ళంతా కుంచించుకుపోయింది. "అయ్యో, అదేంటి పిన్నిగారూ!" అని రికార్డు అందుకున్నాను.

వెలుతురుకి పెట్టి చూశాను. హారతి ఉన్న వైపు నలుపు పోయి బూడిద రంగు తేలింది. "ఏం చేశారండీ బాబాయిగారూ దీన్ని? పొలం దున్నారా?" అన్నాను. ఆయన నొచ్చుకోలేదు. పెట్టె అడుగు నుంచి తన పాత ప్లేయరు ముల్లు చెయ్యి తీసి చూపించాడు. ముల్లు బిగించే తలమీద మైనంతో అంటించిన పావలా బిళ్ళ ఉంది. "పందిట్లో జనం తొక్కుళ్ళకి ముల్లు ఎగిరిపోయేది కదా, బరువు పెట్టేవాళ్ళం. అందరం పెట్టేవాళ్ళం," అన్నాడు.

నిజమే, అందరూ పెట్టేవాళ్ళు. ముల్లు ఎగరలేదు. రికార్డు మీద పాట ఉన్న గాడి అరిగింది. ఎన్ని పెళ్ళిళ్ళలో ఈ రికార్డు వేశారో అన్నిసార్లు ఆ బిళ్ళ బరువుతో ముల్లు ఆవిడ గొంతుని చెక్కుకుంటూ పోయింది. ఆ సంగతి నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఆయన ముఖం చూస్తే అప్పటికే తెలిసినట్టుంది.

"ఇంకో కాపీ ఉందా?"

"ఇదొక్కటే."

బ్యాటరీల్లో పోసే నీళ్ళు మెత్తటి గుడ్డకి అద్ది, గాడి వెంట తుడిచి ఆరబెట్టాను. ఈలోగా సామాను సర్దాను. రికార్డు తిప్పే నా టర్న్‌టేబుల్ ముల్లు ఇచ్చే కరెంటు వోల్టులో కొన్ని వెయ్యోవంతులు, అంతే. పైగా రికార్డు చెక్కేటప్పుడు అడుగు స్వరాల్ని తగ్గించి, పై స్వరాల్ని పెంచి చెక్కుతారు. సరాసరి కంప్యూటర్‌కి తగిలిస్తే దోమ పాడినట్టుంటుంది. అందుకని మధ్యలో ఫోనో ప్రీయాంప్ అనే చిన్న డబ్బా ఉండాలి. అది శబ్దాన్ని పెంచుతుంది, తగ్గించినవాటినీ పెంచినవాటినీ మళ్ళీ సమం చేస్తుంది. దాన్నుంచి వచ్చే వైర్లు ఇంటర్‌ఫేస్ లైన్ ఇన్‌పుట్‌లోకి వెళ్తాయి. ఆ ఇంటర్‌ఫేస్ దాన్ని అంకెలుగా మార్చి కంప్యూటర్‌కి అందిస్తుంది.

అన్నీ కలిపి, ముల్లు ఇంకా దించకుండానే స్పీకర్లు పెట్టాను. బుయ్యిమని ఒకటే రొద.

ఆ రొద మాత్రం పెద్దాయన ఎడమ చెవికి బ్రహ్మాండంగా అందింది. "ఎర్తు! ఎర్తు లేదు నీకు!" అని అరిచాడు. "గుంటలో నీళ్ళు పోశావా? ఎండలకి ఎండిపోయుంటది." మైకుసెట్టు వాళ్ళకి రొద అంటే ఎర్తు గుంటే. నేను కాదనేలోపే బకెట్టు పట్టుకుని వెనక దొడ్లోకి నడిచాడు. రెండు బకెట్లు పోసొచ్చాడు. రొద రొదలాగే ఉంది. విసుక్కుంటూ బల్ల వెనక్కి వంగితే టర్న్‌టేబుల్ నుంచి వచ్చే సన్నటి ఎర్తు తీగ ఎక్కడా తగలకుండా వేలాడుతోంది. ప్రీయాంప్ వెనకున్న మరకి దాన్ని బిగించగానే రొద తెగిపోయింది. "చూశావా, ఎర్తే!" అన్నాడాయన. ఆవిడ శబ్దం లేకుండా నవ్వింది. ఆ రోజు మేం ముగ్గురం నవ్వింది అప్పుడే.

ఇంకో రికార్డు వేసి శబ్దం పగలకుండా స్థాయి సరిచూసుకున్నాను. తర్వాత ఆవిడ రికార్డు పెట్టాను. ఆ గాడి ఇంకెన్నిసార్లు తట్టుకుంటుందో నమ్మకం లేదు, ఒక్కసారికే ఎక్కించెయ్యాలి. ముల్లు చెయ్యి బరువు రెండు గ్రాములకి దించి, హారతి వైపు ముల్లు వాల్చి, రికార్డింగ్ నొక్కాను.

స్పీకర్లలోంచి వచ్చింది పాట కాదు. గరగర. ఇసుక మీద రేకు ఈడ్చినట్టుంది. దాని అడుగున ఎక్కడో ఒక ఆడగొంతు ఉందని తెలుస్తోంది, పలుకు అందడం లేదు. పాట చివరిదాకా అదే గరగర. ముల్లు ఎత్తేశాను.

"నాకోసారి చెవికి పెట్టు," అన్నాడు పెద్దాయన. హెడ్‌ఫోన్లు తగిలించి, కంప్యూటర్లో ఎక్కినదాన్ని మొదటి నుంచి వినిపించాను. కాసేపు విన్నాడు. హెడ్‌ఫోన్లు తీసేసి భార్య వైపు చూడకుండా, "పోయిందే. నేనే అరగదీశాను," అన్నాడు. అంత గట్టిగా మాట్లాడే మనిషి ఆ మాట నెమ్మదిగా అన్నాడు. పెళ్ళి పాటైనా ఎక్కిద్దామా అని అడిగాను. "హారతికి హారతే కావాలిగా," అన్నాడు.

ఆవిడ చెయ్యి చాచి హెడ్‌ఫోన్లు అడిగింది. వద్దులే పిన్నిగారూ అందామనుకున్నాను. సొంత గొంతుని ఆ గతిలో వినడం ఎందుకు? కానీ ఆ చెయ్యి అలాగే చాచి ఉంది. ఇచ్చాను.

కళ్ళు మూసుకుని వింది. ఉన్నట్టుండి కుడిచెవి మీద వేలితో టకటకా కొట్టింది. శబ్దం పెంచమంటోందనుకుని పెంచాను. తల అడ్డంగా ఊపింది. తగ్గించాను. విసుగ్గా మళ్ళీ అడ్డంగా ఊపింది. "ఏంటే, ఏంటంటావ్?" అని ఆయన. చెప్పడానికి గొంతేదీ! ఎడమవైపు డొప్పని చెవి మీంచి పక్కకి లాగేసి, కుడివైపు డొప్పని రెండు చేతులతో అదుముకుని, నా కళ్ళలోకి చూస్తూ మళ్ళీ మళ్ళీ కుడిచెవి చూపించింది.

అప్పుడు వెలిగింది నా బుర్ర.

గాడికి రెండు గోడలు. లోపలి గోడ చదివింది ఎడమవైపు వినపడుతుంది, బయటి గోడ చదివింది కుడివైపు. ఆ కాలపు రికార్డు మోనో, అంటే ఒంటి శబ్దానిది కాబట్టి రెండు గోడల మీదా ఉన్నది ఒకే గొంతు. తిరిగే రికార్డు మీద ముల్లు చెయ్యి ఎప్పుడూ నడిమధ్యకి లాగుతూ ఉంటుంది. పావలా బిళ్ళతో బరువెక్కిన ఆ మొరటు ముల్లు లోపలి గోడనే ఎక్కువగా ఒరుసుకుపోయింది. బయటి గోడ చాలావరకు బతికింది. నేనేమో రెండింటినీ స్పీకర్లలో కలిపి విన్నాను. పెద్దాయనేమో మిగిలిన ఒక్క ఎడమ చెవితో పోయిన గోడనే విన్నాడు.

ఎడమవైపు ఎక్కినదాన్ని చెరిపేసి, కుడిదాన్ని రెండువైపులా పెట్టాను. టపటపమని పేలే చోట్లు కొన్ని సరిచేసి, స్పీకర్లలో వేశాను.

ఆడగొంతు. పడుచు గొంతు. వెనక సన్నగా గీతల చప్పుడు ఉంది, ఉంటే ఉండనీ. పలుకు పలుకూ తెలుస్తోంది. పెద్దాయన లేచి ఎడమ చెవి స్పీకరుకి ఆనించి వంగి నిలబడ్డాడు. ఆయన ముక్కు మీంచి కన్నీళ్ళు బల్ల మీద పడుతున్నాయి, తుడుచుకోవడం లేదు. నేను ఆవిడ వైపు తిరిగాను. పెదాలు పాటతో కదులుతున్నాయి, శబ్దం లేదు. పాటలో ఆ పడుచుపిల్ల ఊపిరి తీసుకున్న ప్రతి చోటా, సరిగ్గా అక్కడే, ఆవిడ మెడ మీద గుడ్డ లోపలికి కదిలి బయటికి వస్తోంది.

నేను ఏడిచాను. దాచుకోవాలని కూడా అనిపించలేదు.

పాట అయిపోయింది. పెద్దాయన నిటారుగా నిలబడి, టర్న్‌టేబుల్ మీద ఆగి ఉన్న రికార్డు వైపు, తర్వాత కంప్యూటర్ వైపు చూశాడు.

"ఇప్పుడు పాడింది ఇందులోంచేగా? ముల్లు లేదుగా?"

"లేదు బాబాయిగారూ."

"అయితే ఎన్నిసార్లు వేసినా ఇక అరగదా?"

"అరగదు."

ఆయన భార్య పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు.

"అయితే మళ్ళీ వెయ్యి," అన్నాడు.